వారానికో తీరుగా గంటలు మారితే సెలవు జీతం ఎలా లెక్కకట్టాలి?

ప్రశ్న: మాది విజయవాడ. రెండేళ్లుగా ఇంగ్లండ్‌లో ఒక గిడ్డంగిలో జీరో అవర్స్ కాంట్రాక్టుపై పనిచేస్తున్నాను. గంటకు 13 పౌండ్లు, రాత్రి షిఫ్టుకు గంటకు మరో 2 పౌండ్లు. జీతం వారం వారం ఇస్తారు. నవంబరు, డిసెంబరుల్లో వారానికి 45 గంటలు పని ఉంటుంది, మామూలు రోజుల్లో 28, ఫిబ్రవరి వస్తే 15 కూడా దొరకవు. మార్చిలో వారం సెలవు తీసుకుంటే 195 పౌండ్లు వేశారు. అడిగితే "గత నాలుగు వారాల సగటు" అన్నారు. ఆగస్టులో రెండు వారాలు, జనవరిలో రెండు వారాలు నాకు అసలు జీతమే లేదు. ఇది సరైన లెక్కేనా?

సమాధానం:

సరైనది కాదు. మీరు చెప్పిన అంకెలను బట్టి మీకు రావలసింది సుమారు 377 పౌండ్లు. అంటే ఆ ఒక్క వారానికే 180 పౌండ్ల పైచిలుకు తక్కువ వేశారు. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో గంటలు స్థిరంగా లేని వారికి సెలవు జీతాన్ని మీరు జీతం పొందిన గత 52 వారాల సగటు మీద ఇవ్వాలి. నాలుగు వారాల సగటు అనే పద్ధతి చట్టంలో ఎక్కడా లేదు. ఉత్తర ఐర్లండ్‌కు వేరే చట్టం ఉంది కాబట్టి ఈ లెక్క అక్కడికి వర్తించదు.

ఇంగ్లండ్‌లో చిన్న సంస్థలకు జీతాల లెక్కలు చూడటం మొదలుపెట్టి నాకు పదహారేళ్లు దాటింది. భోజనశాలలు, వృద్ధుల సంరక్షణ గృహాలు, మీ గిడ్డంగి లాంటివి చాలానే చూశాను. వాటిలో సెలవు జీతం తప్పుగా వేసిన చోట్ల ఎక్కువ శాతం మోసం చేయాలని వేసినవి కావు. రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలిపేయడం వల్ల జరిగినవి. మీకు ఎన్ని గంటల సెలవు దక్కుతుంది అన్నది ఒక ప్రశ్న. ఆ సెలవుకు ఎంత డబ్బు ఇవ్వాలి అన్నది రెండో ప్రశ్న. మొదటిదానికి ఒక లెక్క, రెండోదానికి మరో లెక్క. 52 వారాల సగటు రెండోదానికి సంబంధించినది. ముందు దాన్నే చెబుతాను, మీరు అడిగింది అదే కాబట్టి.

52 వారాలు అంటే క్యాలెండరులో 52 వారాలు కావు

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సెలవు మొదలైన రోజుకు ముందు ముగిసిన చివరి పూర్తి వారం నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. మీకు వారం వారం జీతం ఇస్తున్నారు కాబట్టి మీ జీతపు వారం ఏ రోజుతో ముగుస్తుందో ఆ రోజుతోనే ఇక్కడ కూడా వారం ముగుస్తుంది. వెనక్కి వెళ్తున్నప్పుడు మీకు జీతం ఏమీ రాని వారం తగిలితే దాన్ని వదిలేసి, దాని బదులు ఇంకో వారం వెనక్కి వెళ్లాలి. అలా జీతం వచ్చిన వారాలు 52 పూర్తయ్యే వరకు వెళ్తూనే ఉండాలి. ఇలా వెనక్కి వెళ్లడానికీ ఒక హద్దు ఉంది. మొత్తం మీద 104 వారాలకు మించి వెనక్కి చూడకూడదు. ఆ హద్దులోపల 52 దొరకకపోతే దొరికినన్నింటి సగటే లెక్క.

మీ విషయంలో గత 52 క్యాలెండరు వారాల్లో ఆగస్టువి రెండు, జనవరివి రెండు, మొత్తం నాలుగు వారాలు ఖాళీ. కాబట్టి జీతం వచ్చినవి 48. మిగిలిన నాలుగింటి కోసం అంతకుముందు ఏడాది ఫిబ్రవరి, మార్చి నెలల స్లిప్పులు తీయాలి. మీరు రెండేళ్లుగా ఉన్నారు కాబట్టి అవి తప్పక ఉంటాయి.

ఇప్పుడు అంకెలు వేసి చూద్దాం. మీరు ఉజ్జాయింపుగా చెప్పారు కాబట్టి నేను కొన్ని ఊహించుకుంటున్నాను. మీ స్లిప్పులు పక్కన పెట్టుకుని ఈ అంకెల స్థానంలో అసలువి వేసుకోండి.

పని ముమ్మరంగా ఉన్న 8 వారాల్లో వారానికి 45 గంటలు చేశారనుకుందాం, అందులో 20 గంటలు రాత్రివి. 45 గంటలకు 585 పౌండ్లు, రాత్రి అదనం 40, వెరసి వారానికి 625. మామూలు వారాలు 30, ఒక్కొక్కటి 28 గంటలు, అందులో 8 గంటలు రాత్రివి. ఇవి వారానికి 380 పౌండ్లు అవుతాయి. పని పలచబడిన వారాలు 10, రాత్రి షిఫ్టులు లేకుండా 15 గంటలు, వారానికి 195 పౌండ్లు. ఇక వెనకటి ఏడాది నుంచి తెచ్చుకున్న 4 వారాలు 24 గంటల చొప్పున అనుకుంటే వారానికి 312 పౌండ్లు.

మొత్తం కూడితే 5,000 + 11,400 + 1,950 + 1,248 = 19,598 పౌండ్లు. దీన్ని 52తో భాగిస్తే 376.88 పౌండ్లు. మీ ఒక వారం సెలవు విలువ ఇది. మీకు వేసిన 195 మీ ఫిబ్రవరి వారాల జీతం, అంతే. ఏడాదిలో అతి తక్కువ పని దొరికిన వారాలను పట్టుకుని వాటినే మీ సగటు అన్నారు.

ఇదే సంస్థ ఇదే నాలుగు వారాల పద్ధతిని జనవరి మొదటి వారంలో సెలవు తీసుకున్న మీ తోటివారికి పాటించి ఉంటే వారికి ఒక వారానికి 625 పౌండ్లు వచ్చి ఉండేవి. ఇద్దరూ ఏడాదంతా ఒకేలా కష్టపడ్డారు, ఒకరు జనవరిలో, ఒకరు మార్చిలో సెలవు తీసుకున్నారు. ఆ తేడా ఉండకూడదనే చట్టం మారింది. 2020 ఏప్రిల్ 6కి ముందు ఈ సగటు 12 వారాల మీద ఉండేది. పండుగ సీజను ముగిశాక, పంట కోతలు అయిపోయాక సెలవు పెట్టుకునే వారికి అది ఎప్పుడూ నష్టమే. యజమాని తెలిసి తెలిసి పని లేని నెలల్లోనే సెలవు తీసుకోమని చెప్పడం నేను కళ్లారా చూశాను. ఉద్యోగ పద్ధతులపై ప్రభుత్వం కోరగా 2017లో వెలువడిన టేలర్ సమీక్ష ఈ 12 వారాలను 52కు పెంచాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసును ప్రభుత్వం అమలు చేసింది. మీకు చెప్పిన నాలుగు వారాలు ఆ పాత 12కి కూడా సరిపోవు.

సున్నా వేసిన గడి, ఖాళీగా వదిలిన గడి

కొన్నేళ్ల క్రితం ఒక సంరక్షణ గృహం వారు నన్ను పిలిపించారు. 40 మందికి పైగా సిబ్బంది, ఒక్కరికీ సెలవు జీతం సరిగా రాదు. వారి దగ్గర ఒక ఎక్సెల్ పట్టిక ఉంది, 52 వరుసలు, చివర ఈ సూత్రం:

```
=AVERAGE(C2:C53)
```

చూడటానికి ఏ తప్పూ లేదు. కానీ పట్టిక నింపే ఉద్యోగి పని లేని వారాల దగ్గర 0 అని వేసేది. AVERAGE అనే ఆ సూత్రం సున్నాను ఒక వారంగానే లెక్కిస్తుంది. మీ అంకెలతోనే చూడండి. నాలుగు సున్నాలు కలిపి క్యాలెండరు 52 వారాల మీద సగటు తీస్తే 18,350 ÷ 52 = 352.88. సరైన మొత్తం కన్నా వారానికి 24 పౌండ్లు తక్కువ. ఏడాదిలో అయిదారు వారాల సెలవుకు ఇది వంద పౌండ్లు దాటుతుంది. పిల్లలకు స్కూలు సెలవులు వచ్చాయని ఎక్కువ వారాలు పనికి రాని తల్లులు ఆ గృహంలో చాలామంది. వారందరికీ ఇంతకన్నా చాలా ఎక్కువ నష్టం జరిగింది.

ఆమె తర్వాత వచ్చిన ఉద్యోగి అదే గడులను ఖాళీగా వదిలేది. ఖాళీ గడిని ఆ సూత్రం లెక్కలోకే తీసుకోదు, కాబట్టి 48 వారాల సగటే వస్తుంది. మీ విషయంలో అది 382.29. ఈసారి కాస్త ఎక్కువ. అదీ తప్పే, ఎందుకంటే వెనక్కి వెళ్లి మిగిలిన నాలుగు వారాలను తేలేదు. ఎవరు పట్టిక నింపారన్న దాన్ని బట్టి సిబ్బంది జీతం మారిపోతోంది, ఎవరికీ కారణం అంతుపట్టడం లేదు. నేను చేసిందల్లా 104 వరుసలు పెట్టించి, జీతం లేని వరుసలను తీసేసి, మిగిలిన వాటిలో పైనున్న 52ను మాత్రమే కూడి భాగించేలా మార్చడం. మీరు ఇంట్లో లెక్క వేసుకునేటప్పుడు కూడా అలాగే చేయండి. జీతం లేని వారానికి వరుసే పెట్టకండి.

ఇంకో చిన్న జాగ్రత్త. వారం అంటే మీరు పనిచేసిన వారం, డబ్బు బ్యాంకులో పడిన వారం కాదు. చాలా చోట్ల ఒక వారం ఆలస్యంగా జీతం వేస్తారు. ఆ తేడా గమనించకపోతే ఖాళీ వారం ఒక చోట, దాని జీతం మరో చోట కనిపించి లెక్క తారుమారు అవుతుంది. నెలకోసారి జీతం తీసుకునే వారికి ఇది మరీ ఇబ్బంది. వారి విషయంలో ఆ నెల జీతాన్ని ఆ నెల గంటలతో భాగించి గంట విలువ తేల్చుకోవాలి. ఆ తర్వాత ఏ వారం ఎన్ని గంటలు చేశారో షిఫ్టుల పట్టిక, అంటే రోటా, చూసి, దానితో గుణించి వారాల జీతం రాబట్టాలి. నెలలో ఒక వారం అసలు పని లేకపోతే ఆ వారం పక్కకు పోవాలి. నెల మొత్తాన్ని నాలుగుతో భాగించి చేతులు దులుపుకొంటే ఆ ఖాళీ వారం దొంగచాటుగా లెక్కలోకి వచ్చేస్తుంది.

రాత్రి షిఫ్టు అదనం కలవాలి

మీ స్లిప్పులో సెలవు జీతాన్ని గంటకు 13 చొప్పునే వేసి ఉంటారని నా అనుమానం. పలచటి వారాల్లో మీకు రాత్రి షిఫ్టులు లేవు కాబట్టి 195లో అది బయటపడదు. కానీ వారు లెక్క సరిదిద్దేటప్పుడు కూడా 13 చొప్పునే సరిదిద్దితే మీకు 361.50 వస్తుంది. అంటే వారానికి ఇంకా 15.38 పౌండ్లు తక్కువ.

క్రమం తప్పకుండా చేసే ఓవర్‌టైము, రాత్రి పనికిచ్చే అదనం, అమ్మకాల మీద వచ్చే కమీషను, సీనియారిటీకి ఇచ్చే మొత్తం, ఇవన్నీ సెలవు జీతంలో కలవాలని 2024 జనవరి 1 నుంచి నిబంధనల్లోనే రాశారు. గంటలు స్థిరంగా ఉన్న ఉద్యోగులకు ఇది ఏడాదిలో నాలుగు వారాల సెలవుకే తప్పనిసరి. మీలాంటి అస్థిర గంటల వారికి ఏడాదికి చట్టం ఇచ్చే మొత్తం 5.6 వారాల సెలవుకూ ఇదే రేటు. ప్రయాణ ఖర్చులు తిరిగి ఇచ్చినవి మాత్రం కలపకూడదు, అవి సంపాదన కావు.

సెలవు ఎన్ని గంటలు? 12.07 శాతం ఎక్కడిది?

ఇప్పుడు మొదట పక్కన పెట్టిన ప్రశ్న. మీ కాంట్రాక్టులోనో స్లిప్పులోనో 12.07 శాతం అనే మాట కనిపిస్తే కంగారు పడకండి. ఏడాదికి చట్టప్రకారం 5.6 వారాల సెలవు. 52 వారాల్లోంచి అవి తీసేస్తే పనిచేసేవి 46.4. 5.6ను 46.4తో భాగిస్తే వచ్చేదే ఈ 12.07 శాతం. 2024 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన సెలవు సంవత్సరాలకు, అస్థిర గంటల వారు చేసిన ప్రతి గంటకూ ఈ శాతం చొప్పున సెలవు గంటలు పోగవుతాయి. మీరు గత 52 క్యాలెండరు వారాల్లో చేసినవి 1,350 గంటలు. వాటిలో 12.07 శాతం అంటే దాదాపు 163 గంటల సెలవు.

ఇదే శాతం మీద కొన్నేళ్ల క్రితం పెద్ద వివాదమే నడిచింది. లెస్లీ బ్రేజెల్ అనే సంగీత ఉపాధ్యాయురాలు బెడ్‌ఫర్డ్‌లోని ఒక పాఠశాలలో, తరగతులు ఉన్న వారాల్లో మాత్రమే పనిచేసేవారు. ఆమెకు సెలవు జీతాన్ని 12.07 శాతంతో ఇచ్చారు. అది సరికాదని ఆమె కోర్టుకెక్కారు. ఏడాదంతా కాంట్రాక్టులో ఉన్నవారికి ఆ శాతంతో సెలవు కుదించడం కుదరదని 2022 జులైలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. ప్రభుత్వం తర్వాత నిబంధనలు మార్చి, 2024 నుంచి అదే శాతాన్ని సెలవు గంటలు పోగయ్యే లెక్కగా తెచ్చింది. అందుకే పాత వ్యాసాల్లో ఒకటి, కొత్త వాటిలో మరొకటి కనిపిస్తుంది. మీరు ఇంటర్నెట్‌లో వెతికితే తేదీ చూసి చదవండి.

మరి ఈ గంటలకూ ఆ 376.88కీ లంకె ఏమిటి? మీ 52 వారాల గంటలన్నీ కలిపితే 1,446, సగటున వారానికి 27.81. మొత్తం సంపాదనను మొత్తం గంటలతో భాగిస్తే సగటు గంట విలువ 13.55 పౌండ్లు. కాబట్టి మీరు వారం సెలవు తీసుకుంటే సుమారు 28 గంటలు మీ ఖాతాలోంచి తగ్గాలి, సుమారు 377 పౌండ్లు మీ చేతికి రావాలి. వారం కాకుండా ఒక 8 గంటల షిఫ్టుకే సెలవు పెడితే 8 గంటలు తగ్గి 108 పౌండ్ల పైన రావాలి. రెండు దారుల్లోనూ గంటకు అదే విలువ.

ఇక్కడ మీరు తప్పక చూసుకోవలసిన విషయం ఒకటి ఉంది. తగ్గించిన గంటలు, డబ్బు ఇచ్చిన గంటలు ఒకటేనా? మీకు 15 గంటల డబ్బు వేశారు. మీ సెలవు ఖాతాలోంచి ఎన్ని గంటలు తీశారు? 15 తీసి ఉంటే మీకు మిగతా గంటలు ఇంకా ఉన్నట్టు, అవి తర్వాత వాడుకోవచ్చు. 28 తీసి 15కే డబ్బు వేసి ఉంటే 13 గంటలు గాలిలో కలిసిపోయాయి. నేను చూసిన ఫిర్యాదుల్లో డబ్బు తక్కువ పడిందని అందరూ గమనిస్తారు, ఈ గంటలు పోయిన సంగతి మాత్రం ఎవరూ గమనించరు. ఉద్యోగం వదిలే రోజున మిగిలిన సెలవుకు డబ్బు లెక్కకట్టినప్పుడు కానీ అది తెలియదు. అప్పటికి ఏడాది గడిచిపోయి ఉంటుంది.

ఎప్పుడు ఈ జవాబు మారుతుంది

కాంట్రాక్టు మరోసారి చదవండి. 2024 ఏప్రిల్ నుంచి మీలాంటి వారికి సెలవు జీతాన్ని విడిగా కాకుండా ప్రతి జీతంతో పాటే 12.07 శాతం కలిపి ఇచ్చేయడానికి యజమానులకు అనుమతి ఉంది. అలా ఇస్తుంటే సెలవు తీసుకున్నప్పుడు వేరే డబ్బు రాదు, 52 వారాల సగటు అవసరమే ఉండదు. కానీ స్లిప్పులో అది విడి వరుసగా కనిపించాలి. ఉదాహరణకు 195 పౌండ్లు సంపాదించిన వారంలో సెలవు జీతం పేరుతో 23.54 పౌండ్లు వేరే వరుసలో ఉండాలి. "నీ 13 పౌండ్లలోనే సెలవు జీతం కలిసి ఉంది" అని నోటిమాటగా చెబితే చెల్లదు. మీకు మార్చిలో విడిగా 195 వేశారంటే మీ సంస్థ ఈ పద్ధతిలో లేదనే అనుకుంటున్నాను. అయినా చూసుకోండి.

మీరు ఏజెన్సీ ద్వారా వెళ్తుంటే మీ జీతం ఎవరు వేస్తారో వారే సెలవు జీతానికీ బాధ్యులు. గిడ్డంగి మేనేజరును అడిగి లాభం లేదు.

ఇది చదివే కొత్తవారి కోసం ఒక మాట. గుంటూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఒక భోజనశాలలో చేరిన తొమ్మిది వారాలకు నాలుగు రోజులు సెలవు అడిగింది. "ఏడాది నిండితేనే సెలవు జీతం, 52 వారాల సగటు కావాలి కదా" అన్నారట. 52 అనేది పైహద్దు మాత్రమే. ఆ అమ్మాయికి అప్పటికి పూర్తయిన వారాలు ఎన్ని ఉంటే అన్నింటి సగటు తీయాలి. సెలవు గంటలు మొదటి జీతం నుంచే పోగవుతాయి. ఆమె ఆ లెక్క కాగితం మీద రాసి చూపిస్తే మర్నాడే డబ్బు వేశారు.

52 వారాల సగటు అందరికీ ఎప్పుడూ మేలు చేస్తుందని మాత్రం చెప్పను. చాలాకాలం వారానికి 16 గంటలు చేసి, గత మూడు నెలలుగా 40కి మారిన ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. 40 వారాలు పదహారేసి గంటలు, 12 వారాలు నలభయ్యేసి గంటలు, సగటు 21.5 గంటలు. వారం సెలవు తీసుకుంటే తనకు అలవాటైన జీతంలో సగం కన్నా కాస్త ఎక్కువ వచ్చింది. అది తప్పు కాదు, సగటు అంటే అదే. అయితే అతని ఖాతాలోంచి కూడా 21.5 గంటలే తీయాలని, 40 తీస్తే ఊరుకోవద్దని చెప్పాను. గంట రేటు పెరిగిన వారికీ ఇదే నెమ్మది కనిపిస్తుంది. ఏప్రిల్‌లో రేటు పెరిగితే మే నెల సెలవుకు సగటులో ఎక్కువ వారాలు పాత రేటువే ఉంటాయి. ఆయా వారాల్లో నిజంగా ఏమి సంపాదించారో అదే లెక్క, నేటి రేటుతో తిరగ రాయరు.

ఇప్పుడు ఏం చేయాలి

ముందు స్లిప్పులు పోగుచేయండి. 2019 ఏప్రిల్ నుంచి, గంటలను బట్టి జీతం మారే ప్రతివారి స్లిప్పులోనూ ఆ గంటల సంఖ్య ఉండి తీరాలి. కాబట్టి మీకు వేరే ఆధారం అక్కర్లేదు. గత రెండేళ్ల స్లిప్పులు వెనక నుంచి ముందుకు కాకుండా, సెలవుకు ముందు వారం నుంచి వెనక్కి పేర్చండి. ప్రతి వారానికీ తేదీ, గంటలు, పన్ను కోతకు ముందు జీతం, ఈ మూడే రాయండి. చేతికి వచ్చిన మొత్తం రాయకండి, సెలవు జీతం లెక్క పన్నుకు ముందు అంకెల మీదే.

తర్వాత పేరోల్ విభాగానికి ఈమెయిల్ రాయండి, మేనేజరుతో నోటిమాటగా వద్దు. ఫలానా తేదీన మొదలైన సెలవుకు ఏ 52 వారాలు తీసుకున్నారు, ఏ వారాలు వదిలేశారు, రాత్రి అదనం కలిపారా, సెలవు ఖాతాలోంచి ఎన్ని గంటలు తగ్గించారు అని నాలుగు ప్రశ్నలు అడగండి. మీ పట్టిక జతచేయండి. నా అనుభవంలో పదింట ఏడెనిమిది చోట్ల ఇక్కడితోనే పరిష్కారమవుతుంది, ఎందుకంటే ఆ ప్రశ్నలకు జవాబు వెతికేటప్పుడే వారికి తప్పు కనిపిస్తుంది. మీ ఒక్కరి సెలవే కాదు, మీ గిడ్డంగిలో అందరి లెక్కా ఇలాగే ఉంటుంది కాబట్టి మీ తోటివారికి కూడా చెప్పండి.

జవాబు రాకపోతే అకాస్ అనే ప్రభుత్వ సంస్థకు ఫోను చేయండి, 0300 123 1100. సలహాకు రుసుము లేదు. ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే ముందుగా వారి దగ్గర రాజీ ప్రక్రియ మొదలుపెట్టాలి. గడువు విషయంలో తక్కువ వేసిన తేదీ నుంచి మూడు నెలలకు ఒక రోజు తక్కువ అనుకునే కదలండి. పలుమార్లు ఇదే తప్పు వరుసగా జరిగితే చివరిసారి నుంచి ఆ గడువు లెక్క, అలా వెనక్కి రెండేళ్ల వరకు అడగవచ్చు. సంస్థతో ఈమెయిళ్లు నడుస్తున్నాయి కదా అని గడువు ఆగదు. "వచ్చే నెల చూస్తాం" అన్న మాట నమ్మి మూడు నెలలు దాటించుకున్న వారిని నేను ముగ్గురిని చూశాను. లెక్క నూటికి నూరు పాళ్లు ఆ ముగ్గురి పక్షానే ఉంది, గడువే దాటిపోయింది.

మీది మార్చి సెలవు. స్లిప్పు మీద జీతం వేసిన తేదీ చూసి, అక్కడి నుంచి మూడు నెలలు లెక్కపెట్టి ఆ రోజును ఇప్పుడే ఫోనులో గుర్తు పెట్టుకోండి. పట్టిక తయారయ్యాక అంకెల్లో అనుమానం ఉంటే వారాలు, గంటలు, జీతం మూడూ ఇక్కడ పెట్టండి, చూస్తాను. సంస్థ పేరు, మీ పేరు తీసేసి పెట్టండి.